ఎవాంజెలిన్ దిద్దిన మాట

తార్నాక చౌరస్తా నుంచి లాలాపేట్ వైపు తిరిగితే, మందుల షాపు పైన మొదటి అంతస్తులో ఎవాంజెలిన్ ఆంటీ డీటీపీ సెంటర్ ఉండేది. బోర్డు మీద ఏదో పేరుండేది కానీ క్యాంపస్‌లో ఒక్కరికీ అది గుర్తులేదు. థీసిస్ ఎక్కడ కొట్టిస్తున్నవంటే "ఎవాంజెలిన్ దగ్గర" అనేవాళ్లు, అంతే. ఆవిడ నాన్న శాంసన్ గారు గుంటూరు వైపు నుంచి యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తాగా వచ్చారు. ఈవిడ ఇక్కడే పుట్టింది, ఇక్కడే చదివింది, ఇక్కడి చర్చిలోనే పాటలు పాడింది. మాట మాత్రం ఇంట్లోదే మిగిలింది. పుట్టిన ఊరు తార్నాక, నోట్లో ఊరు తెనాలి.

ఆవిడకో రోగం ఉండేది. దిద్దడం. ఇచ్చిన కాగితం ఇచ్చినట్టు కొట్టడం ఆవిడకు చేతకాదు. కిరాణం చిట్టీ ఇచ్చినా అచ్చుతప్పులు సరిచేసి ఇస్తుందని హాస్టల్లో నవ్వుకునేవాళ్లం. నవ్వుకుంటూనే ఆవిడ దగ్గరికే పోయేవాళ్లం. పల్లెల నుంచి వచ్చిన మా రాతలో పరీక్షకుడు వెక్కిరించే ప్రతి మాటనూ ఆవిడ ముందే పట్టుకుని, చప్పుడు చేయకుండా మార్చేసేది. ఎందరి డాక్టరేట్లు ఆవిడ వేళ్ల మీదుగా గట్టెక్కాయో దేవుడికే ఎరుక. అందులో నా ఎం.ఫిల్. కూడా ఉంది. అది ముందే చెప్పి పెడుతున్నాను. తర్వాత అవసరం పడుతుంది.

సకల జనుల సమ్మెకు కొంచెం ముందు మా అమ్మమ్మ కళ్లు పాడయ్యాయి. అమ్మమ్మ పేరు భూదేవి, మా అమ్మ దగ్గర లాలాపేట్‌లోనే ఉంటుంది. ఒకరోజు నన్ను చూసి, "నీ మొఖం గనవడ్తలేదే కరుణా, చెవులు గనవడ్తున్నయి" అంది. తమాషాకి అంటున్నదనుకున్నాం. డాక్టర్ చూసి కంటి వెనక తెర మధ్యలో చెడిందన్నాడు. ఎదురుగా ఉన్నది కనబడదు, పక్కల ఉన్నది కనబడుతుంది. పోయిన చూపు రాదు. ఉన్న కాస్త చూపు నిలబడాలంటే నెల నెలా కంట్లో సూది వేయించుకోవాలి. ఒక్క నెల తప్పినా పూచీ లేదన్నాడు.

అమ్మమ్మకు ఒక్కటే దిగులు. తాత ఉత్తరాలు.

మా తాత బుచ్చిరాములు జనగామ దిక్కు రైతు. కరువొచ్చి మస్కట్ పోయి చాలా ఏళ్లు పని చేశాడు. ఎదురుగా కూర్చుంటే నాలుగు మాటలు మాట్లాడని మనిషి, కాగితం మీద మాత్రం బర్రె గురించి, బావి గురించి, ఆమె గురించి విడవకుండా మాట్లాడేవాడు. మొదట్లో ఆ ఉత్తరాలను పోస్టాయన ఉప్పలయ్య అరుగు మీద కూర్చుని గట్టిగా చదివేవాడు. మొగుడు పెళ్లానికి రాసిన మాటలు ఊరంతా విని నవ్వేది. అమ్మమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆ పట్టుదలతోనే రాత్రి బడికి పోయి, పలక పట్టి, అక్షరాలు నేర్చుకుంది. అప్పటి నుంచి ఆ ఉత్తరాలు ఇంకొకరి నోట పడలేదు. తాత పోయాక కూడా మధ్యాహ్నం పూట ట్రంకు పెట్టె తెరిచి, ఒకటి తీసి చదువుకునేది.

ఇప్పుడు ఆ సన్నటి రాత, మడతల మీద మాసిపోయిన సిరా ఆమెకు కనబడటం లేదు. నేను చదువుతానంటే కస్సుమంది.

"నాకు రాసిండు. నేనే సదువుకుంట. అచ్చరాలు పెద్దగ చేసి తే, ఆఖరి సూపు పోయేదాంక సదువుకుంట."

సరే, ఉత్తరాలు నా చేతికి ఇవ్వడానికే వారం బతిమాలించుకుంది. నేను వాటిని ఉన్నవి ఉన్నట్టు నోటుబుక్కుల్లోకి ఎత్తి రాశాను. తాత నాలుగో తరగతి. మాట్లాడినట్టే రాశాడు. "నేను గీడ మంచిగనే ఉన్న. ఎండ బాగున్నది. బర్రె ఈనిందా. బావి కాడికి ఒక్కదానివే పోకు. పైలం." ప్రతి ఉత్తరం ఆ పైలంతోనే ముగుస్తుంది. మా దిక్కు మనిషిని సాగనంపేటప్పుడు చెప్పే మాట అది. జాగ్రత్త అని అర్థం, కానీ జాగ్రత్త అంటే ఆ కడుపులో బాధ రాదు. అదేమిటో అనేవాళ్లకూ వినేవాళ్లకూ తెలుసు.

నోటుబుక్కులు ఎవాంజెలిన్ ఆంటీకి ఇచ్చాను. ఆవిడ ముందు ఒక పేజీ నమూనా తీసి, పట్టుకుని తనే మా ఇంటికి వచ్చింది. అక్షరాలు పెద్దవే గానీ అందమైన, సన్నపు గీతల ఫాంటు. అమ్మమ్మ తల పక్కకు వంచి, కంటి చివరతో చూసి, ప ఏదో వ ఏదో తెలుస్తలేదంది. మ, య ఒక్కటే లెక్క ఉన్నయంది. ఆంటీ ఏమీ అనుకోలేదు. పోయి గీత లావుగా, సాదాగా ఉండే ఫాంటు వెతికింది. ముప్పై ఆరు పాయింట్లకు పెంచింది. పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద పడకుండా వరసల మధ్య బాగా ఎడం పెట్టింది. మాటకూ మాటకూ మధ్య కూడా ఎడం పెంచింది. కుడి అంచు సమానంగా రావడం కోసం మాటల్ని సాగదీయడం మానేసింది. ఒక్క మాటను కూడా వరస చివర రెండు ముక్కలు చేయలేదు. మెరిసే తెల్ల కాగితం కళ్లలో కొడుతుందని మీగడ రంగు కాగితం తెచ్చి, ఒకవైపే అచ్చు వేసింది, వెనక అక్షరాలు నీడలా కనబడకుండా. రెండో నమూనా అమ్మమ్మ వేలు పెట్టి, నిదానంగా, పైకే చదివింది. ఆంటీ కళ్లనీళ్లు తుడుచుకుంది. నేనూ మురిసిపోయాను. అది పేరూ తేదీ ఉన్న మొదటి పేజీ మాత్రమే. తాత మాటలు అందులో ఇంకా మొదలు కాలేదు.

అంతలో సమ్మె మొదలైంది. బస్సులు లేవు, ఆటోలు లేవు. బొగ్గు రాక కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో తెలియదు. క్యాంపస్ గేట్లకు ముళ్లకంచెలు, వాటి వెనక పోలీసులు. ఊరేగింపు బయలుదేరిన ప్రతిసారీ బాష్పవాయువు హాస్టల్ గదుల దాకా వచ్చేది. నేను లోపల చిక్కుకుపోయాను. ఆంటీ ఫోన్ చేసి, పుస్తకం బైండు చేయించాననీ, మీ అమ్మకు ఇచ్చి వచ్చాననీ చెప్పింది. "ఒక్క తప్పు లేకుండా చేశానమ్మా" అంది. ఆ మాట నాకు అప్పుడు తియ్యగానే వినబడింది.

కంచె దాటి ఇంటికి పోయేసరికి అమ్మమ్మ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పుస్తకం ట్రంకు పెట్టె అడుగున ఉందట. చదివినవా అంటే దుప్పటి మొహం మీదికి లాక్కుంది. ఏమైంది, అక్షరాలు ఇంకా పెద్దవి కావాల్నా అంటే, వద్దంది. అమ్మ నన్ను వంటింట్లోకి లాగి చెప్పింది. ఆ వారమే సూది వేయించుకోవాల్సిన రోజు వచ్చింది. బస్సులు లేకున్నా పక్కింటాయన స్కూటర్ మీద తీసుకుపోతానన్నాడు. ఈమె కదలలేదు. పోయిన కండ్లకు సూది ఎందుకందట. ఎంత చెప్పినా వినలేదట. ముసలితనం మొండితనం అనుకున్నాం. నాకు ఒళ్లు మండింది కానీ ఆమె మీద అరవలేక ఊరుకున్నాను.

చూపుతో పని కాకపోతే చెవితోనైనా వింటుందని నాకో ఆశ. క్యాంపస్‌లో కమలాకర్ అని మా సీనియర్ ఉన్నాడు, పుట్టుకతో చూపులేదు. తెర మీద ఉన్నది చదివి వినిపించే కంప్యూటర్ గొంతుతోనే పీహెచ్.డీ. చేస్తున్నాడు. ఆంటీ దగ్గర పుస్తకం ఫైలు తీసుకుపోయి ఇచ్చాను. మొదట ఆ గొంతు పిచ్చి పట్టినట్టు ఏవేవో ఇంగ్లిష్ అక్షరాలు గొణిగింది. డీటీపీ ఫాంట్ల లోపల ఉండేది తెలుగు కాదట, తెలుగు వేషం వేసుకున్న వేరే అక్షరాలట. కంటికే తెలుగు, కంప్యూటర్ చెవికి కాదు. యూనికోడ్‌లోకి మార్చాలి, మారేటప్పుడు ఒత్తులు చెదురుతాయి కాబట్టి మళ్లీ మొత్తం సరిచూడాలి. "ల.సౌ." అని ఉంటే ఆ గొంతు పొడి అక్షరాలే పలుకుతుంది కాబట్టి విడదీసి "లక్ష్మీ సౌభాగ్యవతి" అని పూర్తిగా రాయాలి, తేదీలు కూడా అంకెల్లో కాక మాటల్లో రాయాలన్నాడు. అవన్నీ అతని రూమ్మేటు కూర్చుని చేసి పెట్టాడు. ఒక ఉత్తరం తయారయ్యాక కమలాకర్ మీట నొక్కాడు.

"నేను ఇక్కడ బాగానే ఉన్నాను. ఎండ ఎక్కువగా ఉంది. గేదె ఈనిందా? బావి దగ్గరికి ఒంటరిగా వెళ్లకు. జాగ్రత్త."

కమలాకర్ పడీపడీ నవ్వాడు. "ఏంది కరుణా, మీ తాత మస్కట్ల రేడియో వార్తలు సదివేటోడా? బర్రెను గేదె అన్నడా ఎన్నడన్న?"

నాకు నవ్వు రాలేదు. ఫైలులో మరో ఉత్తరం, ఇంకో ఉత్తరం తెరిచి తెర మీద చూశాను. అన్నిటి చివరా అదే. జాగ్రత్త. జాగ్రత్త. ఒక్క చోట కూడా పైలం లేదు.

ఇంటికొచ్చి అమ్మమ్మ పక్కన కూర్చుని, పుస్తకంలో ఏం చూసినవే అని అడిగాను. గోడ వైపు తిరిగే చెప్పింది. ఆమె వరసగా చదవదట. చూపు తగ్గినప్పటి నుంచి అలవాటట. ముందు పేజీ అడుగుకు పోయి పైలం మీద వేలు పెట్టుకుంటుంది. ఆ మాట ఆకారం ఆమెకు తెలుసు, పైన ఎత్వం, కింద తోక, చివర సున్న. అది దొరికితే అక్కడి నుంచి ధైర్యంగా మీదికి పోతుంది. ఆ పుస్తకంలో అన్ని పేజీల అడుగునా వెతికిందట.

"ఎక్కడ గూడ దొర్కలే బిడ్డా. గంత పెద్ద అచ్చరాలల్ల గూడ పైలం దొర్కకపాయె. ఇగ నా కండ్లు పూర్తిగ పోయినయనుకున్న."

ఆ అక్షరాలు తప్పనీ, తన కళ్లు కాదనీ ఆమెకు తోచనే లేదు. అచ్చులో ఉన్నది తప్పు కావచ్చని రాత్రి బడిలో ఎవరూ నేర్పరు కదా. మర్నాడే ఆస్పత్రికి తీసుకుపోయాం. డాక్టర్ లోపల నెత్తురు చిమ్మిందన్నాడు. సూది వేశాడు. సమయానికి రావాల్సింది అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా ఆంటీ దగ్గరికి పోయాను. షట్టర్ సగం దించి, లోపల కరెంటు కోసం ఎదురుచూస్తూ కూర్చుని ఉంది. ఆంధ్రా వైపు వాళ్లని తెలిస్తే ఎవరేమంటారోనని ఆ రోజుల్లో అట్లా సగమే తెరిచేది. నేను నోటికొచ్చినంతా అన్నాను. "మా తాత నోట్ల మీ భాష పెట్టిన్రు" అన్నాను. "సచ్చినోన్ని గూడ ఇడ్సిపెట్టరా మీరు" అన్నాను. ఆ మీరు అన్నది ఆవిడ ఒక్కదాన్ని కాదు. ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు. ఆ రోజుల్లో ఆ మాట మా నోళ్లలో ఎప్పుడూ సిద్ధంగా ఉండేది, దానికి కారణాలూ ఉండేవి.

ఆవిడ నా నోటుబుక్కు తెరిచి చూసుకుంది. నా చేతిరాత. ఉత్తరాలు ఆవిడ చూడలేదు కదా, నేను ఊరేగింపుల తొందరలో తప్పులతో ఎత్తి రాశాననుకుందట.

"తప్పుతో అచ్చేస్తే ఆ పెద్దాయన్ని చులకన చేసినట్టవుతుందనుకున్నానమ్మా. నీ ఎం.ఫిల్.లో కూడా ఇట్లాగే దిద్దాను. అప్పుడు థ్యాంక్స్ చెప్పావు."

అవును, చెప్పాను. కానీ కోపం లెక్కలు చూస్తుందా? సూది సంగతి కూడా ఆవిడ ముఖాన కొడదామనుకున్నాను. అంతలో కరెంటు వచ్చింది. ఆవిడ నా వైపు చూడకుండా కంప్యూటర్ పెట్టి, నోటుబుక్కు ముందు పెట్టుకుని, మొదటి వరస నుంచి మొదలుపెట్టింది. పక్కన కూర్చుని గంటసేపు చూశాను. "ఉన్న" అని కొట్టి ఆవిడ వేలు తనంతట తానే "ను" వైపు పోయేది. ఆవిడ దాన్ని వెనక్కి లాక్కునేది. పాపం అనిపించింది, అనిపించినందుకు ఇంకా మండింది. లేచి వచ్చేశాను.

తర్వాత సమ్మె ముదిరింది, రైళ్లు కూడా ఆగాయి. కరెంటు వచ్చినప్పుడల్లా ఆవిడ కొడుతూనే ఉందని మందుల షాపతను చెప్పాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం తార్నాక నుంచి నడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది. తెల్లచీర, చేతిలో బైబిల్, దాని కింద గుడ్డలో చుట్టిన కొత్త పుస్తకం. దారిలో పోలీసులు ఆపారట, ఆ తర్వాత ఉద్యమం కుర్రాళ్లు ఆపారట. ఎక్కడి నుంచి అని ఇద్దరూ అడిగారట. తార్నాక అంటే ఇద్దరూ నమ్మలేదట. అది చెప్పి నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

పుస్తకం అమ్మమ్మ ఒళ్లో పెట్టి, చివరి వరస దగ్గర అమ్మమ్మ వేలు తనే పట్టుకుని ఆనించింది. "ఇదుగోనమ్మా, మీ మాట. ఒక్క అక్షరం మార్చలేదు. మీ బర్రెను కూడా బర్రె అనే ఉంచాను."

అమ్మమ్మ తల ఇటు వంచింది, అటు వంచింది. కాగితం పక్కకు జరిపింది, వెలుతురుకు ఎత్తింది. వేలు పైలం మీదే ఉంది. కళ్లు దాని చుట్టూ తిరుగుతున్నాయి. ఆ వేలి కింద ఏముందో ఆమెకు కనబడలేదు. ముప్పై ఆరు పాయింట్ల లావు అక్షరాలు, మా అమ్మ గుమ్మంలో నిలబడి చదవగలుగుతోంది.

ఆంటీ మెల్లగా అడిగింది. "ఇంకా పెద్దవి చేయమంటారా? పోయినసారి నమూనా ఇదే సైజులో చదివారు కదా. ఇంతలోనే ఎందుకిట్లా..."

ఎందుకో చెప్పడానికి నేను నోరు తెరిచాను. నాలుక చివరన ఉంది మాట. మీ జాగ్రత్త వల్ల, ఆంటీ, అని. మంచం పట్టె మీద ఉన్న నా చేతిని అమ్మమ్మ పట్టుకుని గోళ్లు దిగేలా గిచ్చింది. మొఖాలు కనబడని మనిషి నా నోరు తెరుచుకోవడం ఎట్లా పసిగట్టిందో!

"ముసలి కండ్లు బిడ్డా, ఎన్నొద్దులుంటయి" అంది ఆంటీతో. తర్వాత పుస్తకాన్ని ఆవిడ చేతిలో పెట్టింది. "నువ్వే సదువు."

నేను బిత్తరపోయాను. ఉప్పలయ్య నోటి నుంచి మొగుడి మాటలు లాక్కోవడానికి పలక పట్టిన మనిషి. నన్ను చదవనివ్వలేదు, కన్నకూతుర్ని చదవనివ్వలేదు. కంప్యూటర్ గొంతు వినిపిస్తానంటే ఇల్లంతా వినబడుతుందని చెవులు మూసుకుంది.

ఆంటీ చదివింది. థీసిస్‌లు దిద్దిన గొంతు, చర్చిలో వాక్యం చదివే గొంతు. గీడ దగ్గర తడబడింది, బర్రె దగ్గర తడబడింది, ప్రతి మాట చివరా లేని దీర్ఘం పెట్టబోయి ఆపుకుంది. పలుకు తెనాలిదే, మాటలు మాత్రం తాతవి. అమ్మమ్మ గోడ వైపు చూస్తూ వింది. చివర ఆంటీ ఆగి, ఊపిరి తీసుకుని, "పైలం" అంది. అమ్మమ్మ తల ఊపింది. ఇంకోసారి అనమంది. ఆంటీ ఇంకోసారి అంది.

తెలంగాణ వచ్చింది. ఆంటీ డీటీపీ సెంటర్ మూసేసి అదే గదిలో కుట్టుమిషన్ పెట్టుకుంది. ఇప్పుడు అమ్మమ్మకు మా చెవులు కూడా కనబడవు. చర్చి అయ్యాక ప్రతి ఆదివారం ఆంటీ వచ్చి ఒక ఉత్తరం చదివి పోతుంది. నేను చాయ్ పెట్టి ఇస్తాను. ఆవిడ ఇప్పటికీ అడుగుతుంటుంది, కొత్త పుస్తకం ఇంకో పది రోజులు ముందే ఇచ్చుంటే మీ అమ్మమ్మ తనే చదువుకునేదేమో కదా కరుణా అని. కరెంటు లేకపోయె కదాంటీ, మీరేం చేస్తరు అంటాను. ఆ అబద్ధం ఆడిన ప్రతిసారీ నా చేతి మీద ఆ గోళ్లు మళ్లీ దిగినట్టు ఉంటుంది. ఆవిడ మెట్లు దిగుతుంటే అమ్మమ్మ లోపలి నుంచి పైలం బిడ్డా అని అరుస్తుంది. అట్లేనమ్మా అంటుంది ఎవాంజెలిన్, దిద్దకుండా.